మిరప నారుకు ట్రేలెన్ని? బల్లలెన్ని?

బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సర విద్యార్థి

మా ఊరు పల్నాడులో సాగర్ కుడికాలువ కింద ఉంది. మాకు రెండెకరాల మిరప చేను ఉంది. పోయినేడు నారు ఇంట్లోనే పెంచుదామని నాన్న ప్రోట్రేలు కొనుక్కొచ్చాడు. ఆయన వేసిన లెక్క చాలా సూటిగా ఉంది. చేనుకు 22,800 మొక్కలు కావాలి, ట్రేకి 98 గుంతలు, కనుక 233 ట్రేలు. అదే లెక్కన గింజలు పెట్టారు, నీళ్లు పోశారు. నలభై రోజులు గడిచాక నారు తీసి నాటుతూ పోతే 1 ఎకరం 60 సెంట్ల దగ్గర నారు అయిపోయింది. కూలీలు గట్టు మీద నిలబడ్డారు. అచ్చు తోలిన 40 సెంట్ల నేల అట్లాగే ఉండిపోయింది.

అప్పటికప్పుడు ఒక నర్సరీలో మిగిలిపోయిన నారు దొరికింది. దాని వయసు 50 రోజులు దాటిపోయింది, కాడ సన్నగా సాగి ఉంది. పన్నెండు రోజులు ఆలస్యంగా నాటితే మూడో వంతు నిలవలేదు. నిలిచినవి కూడా ఆ ఏడంతా పక్క మొక్కలను అందుకోలేకపోయాయి. నాన్న కాలువను తిట్టాడు, ఎండను తిట్టాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు నేను కాగితం మీద కూర్చుని చూస్తే తప్పు ఎండదీ కాదు, కాలువదీ కాదు. ఒక భాగహారం తక్కువైంది, అంతే.

ఈ సంవత్సరం ఆ లెక్క నేను వేశాను. విద్యార్థి మిత్రుల్లో వ్యవసాయ కుటుంబాల వాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ లెక్కను మెట్టు మెట్టుగా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఇంటర్ మీడియట్ గణితం కూడా అవసరం లేదు. ఏ మెట్టులో ఏది దేనితో భాగించాలో తెలిస్తే చాలు.

మొదటి మెట్టు: చేనులో మొక్కలెన్ని?

నారు లెక్క ట్రే దగ్గర మొదలు పెట్టకూడదు, చేను దగ్గర మొదలు పెట్టాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, రెండెకరాలంటే 8,094. ఇందులో గట్లు, నీటి బోదెలు, మందు కొట్టడానికి వదిలిన బాటలు పోతాయి. మా చేనులో నేను టేపుతో కొలిస్తే అవి సుమారు 5 శాతం తేలాయి. అంటే మొక్క నిలిచే నేల 7,689 చదరపు మీటర్లు.

మేము సాళ్ల మధ్య 75 సెంటీమీటర్లు, సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య 45 సెంటీమీటర్లు ఉండేట్టు అచ్చు తోలిస్తాం. అంటే ఒక్కో మొక్క వంతుకు వచ్చే నేల 0.75 ను 0.45 తో గుణిస్తే 0.3375 చదరపు మీటరు. 7,689 ని 0.3375 తో భాగిస్తే 22,782 వస్తుంది. దాన్ని 22,800 అనుకుందాం. నాన్న లెక్క ఇక్కడిదాకా సరిగ్గానే ఉంది. అచ్చు తోలే మనిషికి లెక్క తప్పదు. కానీ కుదురుకు ఒక్క మొక్క నాటితేనే ఈ సంఖ్య. రెండేసి మొక్కలు నాటే అలవాటు ఉన్న చోట ఇది రెట్టింపవుతుంది. ఆ ముక్క నాటే వాళ్లను ముందే అడిగి తెలుసుకోవాలి.

నాటిన ప్రతి మొక్కా బతకదు. వారం పది రోజుల్లో కొన్ని వాడిపోతాయి, కొన్నిటిని పురుగు కొరుకుతుంది. ఆ ఖాళీల్లో మళ్లీ నాటడానికి అదే వయసు నారు చేతిలో ఉండాలి. మేము 5 శాతం అనుకున్నాం. 22,800 కి 5 శాతం కలిపితే 23,940 అవుతుంది. లెక్క సులువుగా ఉండడానికి 24,000 పెట్టుకున్నాను. చేను గట్టు మీదికి చేరవలసిన మంచి నారు ఇది. ట్రేలో పెట్టవలసిన గింజల సంఖ్య ఇది కాదు.

రెండో మెట్టు: నూరు గుంతలకు ఎన్ని నారు?

పొరపాటంతా జరిగేది ఇక్కడే. గుంతకొక గింజ పెడతాం. ప్రతి గింజా మొలవదు, మొలిచిన ప్రతిదీ నాటడానికి పనికిరాదు. ఈ రెండూ వేరు వేరు నష్టాలు, వేరువేరుగా లెక్కించాలి.

మొలక శాతం ప్యాకెట్టు మీద ఉంటుంది. కానీ అక్కడ వేసేది చట్ట ప్రకారం ఉండవలసిన కనిష్ఠం. మిరపకు అది 60 శాతం. మంచి సంకర విత్తనం అంతకంటే చాలా బాగా మొలుస్తుంది. అందుకని చీటీ మీది అంకెను పట్టుకుంటే ట్రేలు అనవసరంగా పెరిగిపోతాయి, వదిలేస్తే తక్కువ పడతాయి. మనమే చూసుకోవడం మంచిది. ఒకే లాటు ప్యాకెట్లలోంచి 100 గింజలు తీసి తడి గుడ్డలో వరసలుగా పరిచి, చుట్టి, నీడలో ఉంచాను. గింజలకు మందు పట్టించి ఉంటుంది కాబట్టి ఆ పని చేశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఏడో రోజున ఒకసారి, పద్నాలుగో రోజున చివరిసారి లెక్క పెట్టాను. వేరూ మొలకా రెండూ సవ్యంగా వచ్చినవి 86.

మా అమ్మ, “నూరు గింజలు గుడ్డలో చుట్టి పారేశావు గదరా” అంది. పారేయలేదు, ఆ నూరు గింజలు మిగతా ముప్పై వేల సంగతి చెప్పాయి. అయితే నూరు గింజలతో వచ్చిన 86 ను మరీ గట్టిగా నమ్మకూడదు. మన స్టాటిస్టిక్స్ పాఠం ప్రకారం అసలు శాతం 79 నుంచి 93 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఈ సంగతి తరవాత మళ్లీ పనికొస్తుంది.

ఇక రెండో నష్టం. మొలిచాక కొన్ని నారుకుళ్లుకు పోతాయి. ట్రే అంచు వరస గుంతలు త్వరగా ఆరిపోయి, అక్కడి నారు పొట్టిగా ఉండిపోతుంది. కొన్నిటికి వేరు సరిగ్గా అల్లుకోక, తీస్తుంటే పొట్టు రాలిపోయి వేరు బోడిగా బయట పడుతుంది. ఇట్లాంటివి తీసేస్తే మొలిచిన వాటిలో 93 శాతం నాటడానికి పనికొస్తాయని పోయినేటి ట్రేలను చూసి అంచనా వేసుకున్నాం. 0.86 ను 0.93 తో గుణిస్తే దాదాపు 0.80. అంటే నూరు గుంతలకు 80 మంచి నారు.

ఇప్పుడు 24,000 నారు కావాలి. ఇక్కడ చాలామంది “20 శాతం పోతుంది కదా, 20 శాతం ఎక్కువ పెడదాం” అంటారు. మా బాబాయి కూడా అదే అన్నాడు. అది తప్పు. చిన్న ఉదాహరణ చూడండి. 100 నారు కావాలని 120 గుంతలు పెడితే, అందులో 80 శాతం అంటే 96 మాత్రమే వస్తాయి. 100 రావాలంటే 125 గుంతలు పెట్టాలి. ఎందుకంటే పోయే 20 శాతం, మనం పెట్టే పెద్ద సంఖ్యలోంచి పోతుంది గాని కావలసిన చిన్న సంఖ్యలోంచి కాదు. అంచేత కలపకూడదు, భాగించాలి. 24,000 ని 0.80 తో భాగిస్తే 30,000 గుంతలు. బాబాయి పద్ధతిలో 28,800 వచ్చేవి, చివరికి 960 నారు తగ్గేవి. మొలక శాతం తగ్గేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సగమే పనికొచ్చే విత్తనానికి సగం కలిపితే చాలదు, రెట్టింపు పెట్టాలి.

నాన్న పోయినేడు ఈ భాగహారమే వదిలేశాడు. 233 ట్రేలంటే 22,834 గుంతలు. అందులో 80 శాతం 18,267. ఎకరానికి 11,400 చొప్పున అది 1 ఎకరం 60 సెంట్లకు సరిపోతుంది. కూలీలు ఆగిన చోటు సరిగ్గా అదే.

మూడో మెట్టు: ట్రేలెన్ని, గింజలెన్ని?

30,000 ను 98 తో భాగిస్తే 306.1 వస్తుంది. ట్రేలో పదోవంతు కొనలేం కనుక 307 ట్రేలు. ఇక్కడొక మాట గుర్తుంచుకోవాలి. మధ్య మెట్లలో వచ్చిన భిన్నాలను అక్కడే కోసెయ్యకూడదు. వస్తువు ముక్కగా దొరకని చోట, అంటే ట్రే దగ్గర, గింజల ప్యాకెట్టు దగ్గర, బల్ల దగ్గర మాత్రమే పై సంఖ్యకు పోవాలి. ఎప్పుడూ పైకే, కిందికి కాదు.

307 ట్రేలకు 30,086 గుంతలు, అన్నే గింజలు. గింజలను గ్రాముల్లో కొంటాం, సంఖ్యలో పెడతాం. మేము కొన్న రకంలో గ్రాముకు సుమారు 160 గింజలు లెక్కకు వచ్చాయి. పది గ్రాముల ప్యాకెట్టుకు 1,600. కాబట్టి 19 ప్యాకెట్లు, 30,400 గింజలు. మిగిలేవి 314, అందులోంచే పరీక్షకు 100 తీశాను. రకాన్ని బట్టి గింజ సైజు మారుతుంది గనుక ఒక గ్రాము తూచి లెక్కపెట్టి చూసుకోవడం మంచిది.

కొబ్బరి పొట్టు, అంటే దుకాణాల్లో కోకోపీట్ అని అమ్మేది, నానబెట్టి సిద్ధం చేసింది 98 గుంతల ట్రేకు సుమారు 1.2 కిలోలు పడుతుంది. 307 ట్రేలకు దాదాపు 370 కిలోలు. ఈ బరువు సంగతి బల్లలు కట్టేటప్పుడు కావాలి.

98 గుంతలదే ఎందుకు?

కొట్టులో 50 గుంతల ట్రే కూడా ఉంది. పొడవు వెడల్పుల్లో రెండూ దాదాపు ఒకటే. మేము కొన్నది 54 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు, పద్నాలుగు వరసలు, వరసకు ఏడు గుంతలు. అదే స్థలంలో 50 గుంతలంటే ఒక్కో గుంత రెట్టింపు జాగా తీసుకుంటుంది. మా 30,000 గుంతలకు 600 ట్రేలు, వాటికి తగ్గట్టు బల్లలు, నీడ వల, పొట్టు అన్నీ దాదాపు రెట్టింపు.

అయినా పెద్ద గుంతకు ఒక గుణం ఉంది. అందులో నారు ఎక్కువ రోజులు ఆగుతుంది. సొర, పుచ్చ, దోస లాంటి తీగ జాతులకు ఆకు పెద్దది, వేరు జోరుగా పెరుగుతుంది కనుక 50 గుంతల ట్రే వాడతారు. మిరప, టమాటా, వంగ, క్యాబేజీలకు 98 సరిపోతుంది. కానీ 98 గుంతల మిరప నారుకు నాటే గడువు 35 నుంచి 40 రోజులు. కాలువ నీళ్లు రెండు వారాలు ఆలస్యమైతే వేళ్లు గుంత అడుగున చుట్టలు చుట్టుకుంటాయి, అడుగు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, కాడ సాగుతుంది. అట్లా చుట్టుకున్న వేరు చేలో పెట్టాక కూడా త్వరగా విప్పుకోదు. పోయినేడు మేము కొన్న నారు కథ అదే. కాబట్టి గుంతల సంఖ్యను జాగా పొదుపు కోసం మాత్రమే ఎంచుకోకూడదు. చేను ఏ రోజుకు సిద్ధమవుతుందో గట్టిగా చెప్పగలిగితేనే చిన్న గుంత.

మేము దీనికొక ఉపాయం చేశాం. 307 ట్రేలనూ ఒకే రోజు పెట్టకుండా, మొదట 154, వారం తరవాత 153 పెట్టాం. నీళ్లు ఆలస్యమైతే రెండో విడతైనా వయసులో ఉంటుంది. పైగా మా కూలీలు రోజుకు అర ఎకరమే నాటుతారు. నాలుగు రోజుల పనికి అంతా ఒకే వయసు నారు అక్కర్లేదు.

నాలుగో మెట్టు: బల్లలెన్ని, పందిరి ఎంత?

ట్రేలను నేల మీద పరిస్తే ఏమవుతుందని అడగవచ్చు. ట్రే అడుగున ప్రతి గుంతకూ ఒక బెజ్జం ఉంటుంది. నేల తగిలితే వేరు ఆ బెజ్జంలోంచి మట్టిలోకి దిగిపోతుంది. ట్రే ఎత్తినప్పుడు తెగుతుంది, నారు ఆ రోజే వాడుతుంది. బల్ల మీద పెడితే బెజ్జం కింద గాలి ఉంటుంది. బయటికొచ్చిన వేరు కొస గాలికి ఎండి ఆగిపోయి, లోపల పక్క వేళ్లు పుడతాయి. పొట్టు గట్టిగా అల్లుకుంటుంది. రెండో లాభం, ఎక్కువైన నీరు కిందికి కారిపోతుంది కాబట్టి నారుకుళ్లు తగ్గుతుంది. అందుకే సరుగుడు వాసాలు పాతి, పైన ఇనుప వల బిగించి నడుమెత్తు బల్లలు కట్టాం.

బల్ల వెడల్పును చెయ్యి నిర్ణయిస్తుంది. రెండు వైపుల నుంచీ వంగితే మధ్యలోని ట్రే అందాలి. అట్లా చూస్తే 1.15 మీటర్లకు మించితే కష్టం. మా పెరట్లో 12 మీటర్ల పొడవు బల్లకు చోటుంది.

ఇప్పుడు సామాన్యంగా చేసే లెక్క చూడండి. ఒక ట్రే వైశాల్యం 0.54 ను 0.28 తో గుణిస్తే 0.1512 చదరపు మీటరు. 307 ట్రేలకు 46.4 చదరపు మీటర్లు. సెంటంటే 40.47 చదరపు మీటర్లు గనుక సెంటుంపావు కంటే తక్కువ జాగా. మా నాన్న, “అంతేనా, కొట్టం పక్క జాగా చాలుద్ది” అన్నాడు. చాలదు. ట్రేలు పిండి కావు, ఎటంటే అటు సర్దడానికి. మనిషికి నడవడానికి దారి కూడా కావాలి.

ముందు ఒక బల్ల మీద ఎన్ని పడతాయో చూద్దాం. ట్రేలను బల్లకు అడ్డంగా, అంటే ట్రే పొడవు బల్ల వెడల్పు వైపు ఉండేట్టు పెడితే, వెడల్పులో రెండు ట్రేలు పడతాయి, 108 సెంటీమీటర్లు. బల్ల పొడవున 1,200 ను 28 తో భాగిస్తే 42 వరసలు, కొంచెం మిగులుతుంది. మొత్తం 84 ట్రేలు. అవే ట్రేలను తిప్పి, బల్లకు నిలువుగా పెడితే వెడల్పులో నాలుగు పడతాయి, 112 సెంటీమీటర్లు. పొడవున 1,200 ను 54 తో భాగిస్తే 22 వరసలు. మొత్తం 88 ట్రేలు. బల్ల అదే, ట్రేలు అవే, తిప్పి పెట్టినందుకు నాలుగు ఎక్కువ. కట్టబోయే ముందు నాలుగు ట్రేలు నేల మీద పరిచి చూసుకుంటే ఈ లెక్క కళ్లకు కనిపిస్తుంది.

307 ను 88 తో భాగిస్తే 3.49. కాబట్టి నాలుగు బల్లలు, 352 ట్రేల చోటు. 45 ట్రేల చోటు మిగులుతుంది. అది ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఇక పందిరి వెడల్పు. నాలుగు బల్లలు 4.60 మీటర్లు, వాటి మధ్య మూడు దారులు అర మీటరు చొప్పున 1.50, రెండు పక్కలా 45 సెంటీమీటర్ల దారులు 0.90. మొత్తం 7 మీటర్లు. పొడవున బల్ల 12 మీటర్లు, రెండు కొసలా 75 సెంటీమీటర్ల చొప్పున వదిలితే 13.5 మీటర్లు. ఏడును పదమూడున్నరతో గుణిస్తే 94.5 చదరపు మీటర్లు, అంటే రెండు సెంట్ల పైన మూడో వంతు. ట్రేలు ఆక్రమించేది 46.4 కాబట్టి పందిరిలో సగం కూడా కాదు. చిన్న పందిరికి ట్రేల వైశాల్యాన్ని రెట్టింపు చేసి ఇంకొంచెం కలిపితే అంచనా సరిపోతుందని మా అనుభవం. ఆ పందిరి మీద 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్, పక్కలకు తెల్లదోమ దూరకుండా సన్నకన్ను నైలాన్ వల కట్టాం. ముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ కనుక ఆ పక్క వల లేకపోతే ఈ లెక్కలన్నీ వృథా.

బరువు సంగతి మరవకూడదు. బల్లకు 88 ట్రేలు, ట్రేకు 1.2 కిలోలు, అంటే నూటఐదు కిలోల పైమాటే. నీళ్లు పట్టాక ఇంకా పెరుగుతుంది. వాసాలు దూరదూరంగా పాతితే వల మధ్యలో కుంగుతుంది. కుంగిన చోటికి నీరు చేరుతుంది, అక్కడి నారు కుళ్లుతుంది, ఎత్తు చోట్ల నారు ఎండుతుంది. మేము ఒకటిన్నర మీటరుకొక జత వాసాలు వేశాం.

రోజులు కూడా లెక్కే

బల్లను జాగాతోనే కాదు, రోజులతో కూడా కొలవాలి. గింజలు పెట్టిన ట్రేలను వెంటనే బల్ల మీదికి ఎక్కించం. ఒకదాని మీద ఒకటి పదేసి చొప్పున దొంతర పేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పుతాం. లోపలి వెచ్చదనానికీ తేమకూ గింజలు సమంగా మొలుస్తాయి. మిరపకు ఆరు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. అయిదో రోజు నుంచి రోజూ పట్టా ఎత్తి చూడాలి. మొలక తల కనపడగానే బల్ల మీదికి మార్చాలి. ఒక్క రోజు ఆలస్యం చేసినా చీకట్లో మొలకలు తెల్లగా సాగి, పై ట్రే అడుగుకు తగిలి వంగిపోతాయి. అవి మళ్లీ నిటారుగా నిలబడవు.

ఆ లెక్కన 38 రోజుల నారు బల్ల మీద ఉండేది సుమారు 31 రోజులే. ట్రేలు తీసి, బల్ల కడిగి ఆరబెట్టడానికి రెండు రోజులు కలిపితే 33. అంటే నిండా వాడితే ఒక విడతకు 352 ట్రేలు, 34,496 గుంతలు, 80 శాతం చొప్పున 27,597 నారు. ఎకరానికి 12,000 చొప్పున అది రెండెకరాల ముప్పై సెంట్లకు వస్తుంది. మా పక్క చేను వాళ్లు, “మాకు కూడా మూడెకరాలకు నారు పోస్తారా?” అని అడిగితే నాన్న సరేననబోయాడు. ఈ తిరగేసిన లెక్క చూపించాక, “మాది లేచిన తర్వాత రెండెకరాలకైతే పోస్తాం, అది కూడా నెల రోజులు ఆగి” అన్నాడు. ఒప్పుకుని ఇవ్వలేకపోవడం కన్నా అది నయం కదా.

పదో రోజు లెక్క

ముందు చెప్పినట్టు గుడ్డలో వచ్చిన 86 శాతం ఒక అంచనా మాత్రమే. అసలు సంగతి ట్రేలు చెప్పాలి. అందుకని గింజలు పెట్టిన పదో రోజున బల్లల మీద వేరువేరు చోట్ల నుంచి, అంచునుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి ఇట్లా అయిదు ట్రేలు తీసుకుని మొలిచిన గుంతలు లెక్కపెట్టాలి. అయిదు ట్రేలకు 490 గుంతలు. 420 దాకా మొలిస్తే మన 86 శాతం నిలిచినట్టే.

మాకు మొదటి విడతలో వచ్చింది 380. అంటే 77.6 శాతం. గుండె గుభేలుమంది గాని లెక్క చేతిలో ఉంది. రెండో విడత కూడా అదే లాటు విత్తనం కాబట్టి అట్లాగే మొలుస్తుందనుకోవాలి. 0.776 ను 0.93 తో గుణిస్తే 0.72. అన్ని ట్రేల 30,086 గుంతలకు 21,700 నారే వస్తాయి. 24,000 కు తగ్గేవి 2,300. వాటిని మళ్లీ 0.72 తో భాగించాలి, ఇక్కడ కూడా కలపకూడదు. సుమారు 3,190 గుంతలు, అంటే 33 ట్రేలు. మిగిలిన గింజలకు తోడు ఇంకో రెండు ప్యాకెట్లు తెప్పించి, ఆ వారంలోనే పెట్టాం. మిగిలిన 45 చోట్లూ ఇందుకే. నిండా కుక్కి కట్టిన పందిరిలో ఆ 33 ట్రేలు పెట్టడానికి చోటుండేది కాదు.

పదో రోజున తెలిస్తే నయమవుతుంది, నలభయ్యో రోజున తెలిస్తే కాదు. పోయినేటికీ ఈ ఏటికీ తేడా ఆ ముప్పై రోజులే.

తగ్గడానికి కారణం కూడా అప్పుడే వెదకాలి. ఖాళీ గుంతలన్నీ ట్రే అంచుల్లోనే ఉంటే నీరు చాలక ఆరిపోయినట్టు. అన్ని చోట్లా సమంగా చెదిరి ఉంటే విత్తనంలో లోపం. గింజలు చాలా లోతుగా పడినా అట్లాగే కనిపిస్తుంది కనుక రెండు మూడు ఖాళీ గుంతలు గిల్లి చూడాలి. మొలిచినవి మొదట్లో నీరు కమ్మినట్టు మెత్తబడి, ఒకచోట గుంపుగా పడిపోతుంటే అది నారుకుళ్లు. దానికి నీళ్లు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేట్టు పోశాం. పాత ట్రేలు కడక్కుండా వాడితే ఈ తెగులు ఆ ట్రేల్లోనే మొదలవుతుంది. మా ట్రేల్లో చాలావరకు ఖాళీలు చెదిరే ఉన్నాయి. కొన్నిటిని గిల్లి చూస్తే గింజ వేలి గణుపంత లోతున ఉంది. గింజలు పెట్టింది నేనూ మా చెల్లీ. తప్పులో మా వంతు కూడా ఉందని ఒప్పుకున్నాం. తరవాత అదనంగా పెట్టిన 33 ట్రేల్లో పుల్లకు గుర్తు గీసుకుని అర సెంటీమీటరుకు మించకుండా పెట్టాం.

లెక్క అంతా ఒక్కచోట

చేనులో మొక్కలు: మొక్క నిలిచే నేలను, సాళ్ల దూరం గుణించిన మొక్కల దూరంతో భాగించాలి. మాకు 22,800.
కావలసిన నారు: పై దానికి మళ్లీ నాటేందుకు 5 శాతం కలపాలి. మాకు 24,000.
గుంతలు: కావలసిన నారును, మొలక శాతం గుణించిన పనికొచ్చే శాతంతో భాగించాలి. మాకు 30,000.
ట్రేలు: గుంతలను ట్రేలోని గుంతల సంఖ్యతో భాగించి పై సంఖ్యకు పోవాలి. మాకు 307.
బల్లలు: ట్రేలను ఒక బల్లకు నిజంగా పట్టే ట్రేలతో భాగించి పై సంఖ్యకు పోవాలి. మాకు నాలుగు.
పందిరి: బల్లల వెడల్పుకూ పొడవుకూ దారులు కలిపి గుణించాలి. మాకు 94.5 చదరపు మీటర్లు.

ఇందులోని 5 శాతం, 86, 93 అనేవి మా చేనువి, మా విత్తనానివి. మీ ఊళ్లో అవే ఉండవు. అంకెలు మీవి పెట్టుకోండి, భాగహారం మాత్రం మార్చకండి.

ఈ ఆగస్టులో నాటు రోజుల్లో నేను హాస్టల్లో ఉన్నాను. నాలుగో రోజు సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. పొద్దున ఆయనకు నా లెక్క మీద నమ్మకం లేక, “పుస్తకాల లెక్క చేలో పారుద్దా?” అని అమ్మతో అన్నాడట. సాయంత్రం మాత్రం ఒక్కటే చెప్పాడు: “ఆఖరి సాలు దాకా పోయింది. ఇంకా పదకొండు ట్రేలు మిగిలినయ్. మాళ్లకు ఉంచా.” ఖాళీల్లో నాటడాన్ని మా ఊళ్లో మాళ్లు వేయడం అంటారు. పదకొండు ట్రేలంటే దాదాపు 800 నారు. పుస్తకం లెక్క ప్రకారం ఇంకో ఆరు ట్రేలు మిగలాలి. అవి ఎక్కడ పోయాయో దసరా సెలవులకు ఇంటికెళ్లి చూడాలి.